వీడియో చూశారు సరే, లెక్క వచ్చిందా?

విజయనగరంలో మా డిగ్రీ పిల్లలకి ఫిజిక్స్ పాఠాలు సగం వీడియోల్లో పెట్టాను. అందరూ చూసినట్టే స్క్రీన్ మీద కనబడింది. క్లాసులో ఒక సర్క్యూట్ ఇచ్చి, దాని చుట్టూ తిరిగొస్తే వోల్టేజీలన్నీ కలిపి సున్నా అని చెప్పే కిర్కాఫ్ లూపు సమీకరణం రాయమంటే ముగ్గురే రాశారు. మిగతావాళ్లు బస్సులో వీడియో పెట్టి నిద్రపోయారట!

అప్పుడు 40 నిమిషాల వీడియోని 8 నిమిషాల ముక్కలు చేసి, ఒక్కోదాని చివర ఒక లెక్క పెట్టాను. రాత్రి జవాబులు చూస్తే, బ్యాటరీని మైనస్ నుంచి ప్లస్‌కి దాటేటప్పుడు చాలామంది వోల్టేజీ గుర్తు తప్పేశారు. క్లాసులో పాఠం మళ్లీ చెప్పలేదు, గంటంతా గుర్తుల మీదే కూర్చున్నాం. రెండు వారాలయ్యాక చెప్పకుండా అలాంటి లెక్కే ఇస్తే చాలామంది చేశారు.

అయినా అది వీడియో గొప్పో, ఆ గంట గొప్పో ఇంకా తేలలేదు. వచ్చే ఏడాది ఒక సెక్షన్‌కి వీడియో లేకుండా అదే చాప్టర్ చెప్పి, ఇదే లెక్క ఇస్తాను.