ఓటీపీ రాకుండానే 38,400 పోయింది, మూడు రోజుల లెక్క తెలిసినందుకు తిరిగొచ్చింది

నిన్ననే బ్యాంకు నుంచి ఫైనల్ లెటర్ వచ్చింది, డబ్బు పూర్తిగా నాదేనని. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

శుక్రవారం రాత్రి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, నా డెబిట్ కార్డు మీద ఏదో విదేశీ వెబ్‌సైట్‌లో 38,400 రూపాయలు కట్ అయ్యాయని. ఓటీపీ రాలేదు, ఎవరూ ఫోన్ చెయ్యలేదు, నేను ఏ లింకూ నొక్కలేదు. బయటి దేశాల సైట్లు చాలావాటిలో కార్డు నంబరు, వెనక ఉండే మూడంకెలు ఉంటే చాలు, ఓటీపీ అడగరు. వెంటనే కస్టమర్ కేర్‌కి చేసి కార్డు బ్లాక్ చేయించా, సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి కూడా కంప్లైంట్ ఇచ్చా. ఇదంతా అరగంటలో అయిపోయింది.

అసలు నరకం బ్రాంచిలో. మర్నాడు రెండో శనివారం, తర్వాత ఆదివారం, సోమవారం పండగ సెలవు. మంగళవారం తలుపులు తియ్యగానే వెళ్ళా. కౌంటర్లో ఆయన స్క్రీన్ చూసి "ఫోన్లో మీరు కార్డు బ్లాక్ మాత్రమే చేయించారండీ, ఫ్రాడ్ కంప్లైంట్ రిజిస్టర్ కాలేదు, ఇవాళ నాలుగో రోజు, మూడు రోజులు దాటిపోయింది కాబట్టి 10,000 మీరే భరించాలి" అన్నాడు. కేర్‌లో మాట్లాడినావిడ కంప్లైంట్ నంబర్ ఇవ్వకపోతే ఆ తప్పు నాదా?

తర్వాత మేనేజర్ గారి గదిలోకి పిలిచారు. అందరూ వింటుండగా "ఓటీపీ ఎవరికో చెప్పే ఉంటారు, ఇప్పుడు గుర్తుండదు, అందరూ ఇలాగే అంటారు" అన్నారు. పైగా ఒక కాగితం ఇచ్చి "కార్డు వివరాలు పొరపాటున బయటికి వెళ్ళి ఉండవచ్చు" అని రాసి సంతకం పెట్టమన్నారు. నేను పెట్టలేదు. మీరూ పెట్టొద్దు, ఎందుకంటే మొత్తం కేసు ఆ ఒక్క లైను మీదే తేలుతుంది.

రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన సర్క్యులర్ ప్రింట్ తీసుకుని మళ్ళీ వెళ్ళా. అందులో ఉన్నది ఇది. తప్పు బ్యాంకుదైతే మనం ఎప్పుడు చెప్పినా మన నష్టం సున్నా. తప్పు బ్యాంకుదీ కాదు మనదీ కాదు, మధ్యలో ఎక్కడో వివరాలు లీకయ్యాయి అంటే, మెసేజ్ వచ్చాక మూడు పనిదినాల్లోపు చెబితే సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెబితే మామూలు సేవింగ్స్ ఖాతాకి గరిష్టంగా 10,000 మన మీద పడుతుంది, బేసిక్ సేవింగ్స్ ఖాతాకైతే 5,000. ఏడు దాటితే ఆ బ్యాంకు బోర్డు పాలసీ ఎలా ఉంటే అలా.

లెక్క పెట్టే పద్ధతి కూడా అందులోనే ఉంది. మెసేజ్ వచ్చిన రోజు లెక్కలోకి రాదు, మన ఖాతా ఉన్న బ్రాంచి పనిచేసే రోజులే లెక్క. అంటే శుక్రవారం పోయింది, శని ఆది సోమ సెలవులు, మంగళవారం నాకు మొదటి రోజు! నాలుగోది ఎలా అవుతుంది? అదే నేను వచ్చే సోమవారం వెళ్ళుంటే ఆరో పనిదినం అయ్యేది, అప్పుడు 10,000 పోయి 28,400 వచ్చేది.

ఇక ఓటీపీ సంగతి. తప్పు కస్టమర్‌దని నిరూపించాల్సింది బ్యాంకే, మనం నిర్దోషులమని నిరూపించుకోనక్కర్లేదు. "ఆ ట్రాన్సాక్షన్‌కి ఓటీపీ పంపినట్టు రికార్డు చూపించండి" అని రాసిచ్చా. చూపించలేకపోయారు, పంపుంటే కదా. మేనేజర్ గారి గొంతు అప్పుడు మారింది. కంప్లైంట్ నంబర్, నా కాపీ మీద తేదీతో స్టాంపు, రెండూ తీసుకునే బయటికొచ్చా.

కంప్లైంట్ ఇచ్చిన పది పనిదినాల్లోపు ఆ మొత్తాన్ని ఖాతాలో తాత్కాలికంగా జమ చెయ్యాలి, అదీ డబ్బు పోయిన తేదీ నుంచే ఉన్నట్టు లెక్కగట్టి, కాబట్టి వడ్డీ పోదు. నాకు గడువు చివర్లో పడింది. 90 రోజుల్లో బ్యాంకు తేల్చాలి, తేల్చలేకపోతే కూడా పైన చెప్పిన లెక్క ప్రకారం ఇచ్చెయ్యాల్సిందే. నాకు అంతదాకా రాలేదు. వచ్చుంటే cms.rbi.org.in లో, బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వేసేవాణ్ణి, బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే లేదా ఇచ్చింది నచ్చకపోతే అక్కడికి వెళ్ళొచ్చు.

ఇదంతా ఓటీపీ నిజంగా చెప్పేసినవాళ్ళకి వర్తించదు. వాళ్ళు బ్యాంకుకి చెప్పేదాకా పోయింది వాళ్ళదే. కానీ చెప్పిన నిమిషం తర్వాత పోయే ప్రతి రూపాయీ బ్యాంకుదే. అందుకే ఫోన్ చేసినప్పుడు "కార్డు బ్లాక్ చెయ్యండి" అని ఊరుకోకండి, "అనధికార ట్రాన్సాక్షన్ కంప్లైంట్ రిజిస్టర్ చెయ్యండి" అని ఆ మాటే అనండి, నంబర్ చెప్పేదాకా ఫోన్ పెట్టకండి.