120 అని రాసి ఉంది, ముల్లు 70 మీద ఉంది

మా అంబులెన్స్‌లో డ్యూటీ ఉదయం ఎనిమిదికి మారుతుంది. బండిలో రోగిని చూసుకునే ఈఎంటీ దిగేటప్పుడు చెక్‌లిస్ట్ నింపి ఇస్తాడు, ఎక్కేవాళ్లు అన్నీ చూసుకుని సంతకం పెట్టాలి. నాకు ఎక్కువసేపు పట్టేది ఆక్సిజన్ దగ్గరే.

ఆ రోజు రిజిస్టర్‌లో ప్రెషర్ 120 అని ఉంది. గేజ్ చూస్తే 70. రాత్రి ఒక్క కేసుకైనా ఆక్సిజన్ పెట్టినట్టు ట్రిప్ షీట్‌లో లేదు. వాల్వ్ మాత్రం తెరిచే ఉంది.

మాది పది లీటర్ల బి-టైప్ సిలిండర్. ముల్లు చూపే అంకెను పదితో గుణిస్తే లోపల ఎన్ని లీటర్ల గ్యాస్ ఉందో సుమారుగా తెలుస్తుంది. నేను చివరి 20ని లెక్కలో వేసుకోను. అంటే మిగిలింది 50, ఐదు వందల లీటర్లు. రిజర్వాయర్ మాస్క్‌తో నిమిషానికి పది లీటర్లు ఇస్తే యాభై నిమిషాలే వస్తుంది. మా దగ్గర్నుంచి జిల్లా ఆసుపత్రికి గంట దాటుతుంది. రైల్వే గేటు పడితే ఇక చెప్పక్కర్లేదు.

ఫ్లోమీటర్ కట్టేసి, వాల్వ్ ఒకసారి తెరిచి మూశాను. ఎక్కడా లీకు లేకపోతే ముల్లు కదలకూడదు. అది మెల్లగా దిగుతూ వచ్చింది. రెగ్యులేటర్ బిగించే చోట సబ్బు నీళ్లు రాస్తే బుడగలు వచ్చాయి. విప్పి చూస్తే లోపలి రబ్బరు రింగు పగిలిపోయి ఉంది.

బండి నడిపే మా పైలట్ అన్న, "కొంచెం నూనె రాసి బిగిద్దామా?" అన్నాడు. "వద్దన్నా, ప్రెషర్‌లో ఉన్న ఆక్సిజన్‌కి నూనె తగిలితే అంటుకుంటుంది" అన్నాను. కొత్త రింగు వేసి, నిండు సిలిండర్ ఎక్కించి, మళ్లీ అదే పరీక్ష చేశాం. ఈసారి ముల్లు నిలబడింది.

స్ట్రెచర్‌ను బయటికి లాగి కాళ్లు లాక్ అయ్యాయో లేదో చూశాం. పైలట్ అన్నను దానిమీద కూర్చోబెట్టి ఊపాను. ఖాళీ స్ట్రెచర్ లాక్ పడినంత మాత్రాన నేను నమ్మను. బెల్టులు, ఫ్లోర్ హుక్ బాగానే ఉన్నాయి. మందుల్లో ఎక్స్‌పైరీ దగ్గరపడ్డవి ముందుకు జరిపాను. ఎండాకాలం బండి లోపల ఎంత వేడెక్కుతుందో తెలిసిందే కదా, అందుకే అడ్రినలిన్ ఆంప్యూల్స్‌ను వెలుతురుకు పట్టి చూస్తాను. రంగు మారి కనిపిస్తే, తేదీ ఉన్నా పక్కన పెట్టేస్తాను.

ఇక సంతకం. రాత్రి డ్యూటీ తమ్ముడు, "అక్కా, ఎలాగూ మార్చేశాం కదా, 120 అలాగే ఉంచెయ్యి" అన్నాడు. నేను దాన్ని కొట్టేయకుండా పక్కనే "ఉదయం 70, రింగు లీకు, సిలిండర్ మార్చాం, ఇప్పుడు 150" అని టైంతో సహా రాశాను. అతను మొహం ముడుచుకున్నాడు గానీ ఇద్దరం సంతకాలు చేశాం. పాత సిలిండర్‌కు చీటీ కట్టి రీఫిల్‌కి పంపించాను.