89.5 శాతం లోడ్‌కి సంతకం పెట్టించుకున్నా

అనంతపురంలో డ్రిప్ మోటార్ కంట్రోలర్లు చేసే చిన్న కంపెనీ మాది. నేను ఫర్మ్‌వేర్ రాస్తాను. కొత్త బోర్డు టైమింగ్‌కి నిన్నే ఆమోదం వచ్చింది.

బోర్డులో టాస్కులు మూడు. మోటార్ కరెంటు చదివేది 10 మిల్లీసెకన్లకు ఒకసారి, వాల్వులు నడిపేది 15కి, డిస్‌ప్లే, లాగ్ చూసేది 35కి. ఎంత ఆలస్యమైనా ఒక్కోటి పట్టే కాలం 4, 4, 8. తరువాతి వంతు వచ్చేలోపు పని అయిపోవాలి. ఎంత తరచుగా వస్తే అంత ఎక్కువ ప్రయారిటీ. ఇదంతా సులువే. కష్టమంతా కస్టమర్ తరఫున వచ్చిన రివ్యూయర్‌తో.

అందరి ముందర ఫైలు పక్కకు నెట్టి, "ఏమప్పా, ప్రాసెసర్ లోడ్ 89.5 శాతం ఉందే. మూడు టాస్కులకు హద్దు 78. ఇది ఫెయిల్" అన్నాడు. పక్కన మా మేనేజరు నా వైపు చూడనుకూడా లేదు.

1973లో లియు, లేలాండ్ ఇచ్చిన హద్దు అది. దాని లోపల ఉంటే లెక్క అక్కర్లేకుండా పాస్. దాటితే ఫెయిలని వాళ్లు అనలేదు, లెక్క వేసి చూసుకోవాలి. బోర్డు మీద వేసి చూపించా. అన్నీ ఒకేసారి మొదలైతే అన్నిటికంటే అడుగు ప్రయారిటీ ఉన్న డిస్‌ప్లే టాస్కు ఎప్పుడు ముగుస్తుందో చూడాలి:

```
R = 8 + ceil(R/10)*4 + ceil(R/15)*4
8 -> 16 -> 24 -> 28 -> 28
```

విలువ 28 దగ్గర ఆగింది, గడువు 35. వాల్వుల టాస్కుకు 8 వస్తుంది, గడువు 15. అన్నీ పాస్.

"అయినా రిస్కే కదా" అన్నాడు. అసలు అడగాల్సింది మాత్రం అడగలేదు, నేనే చెప్పా. మూడు టాస్కులూ చిప్‌ల మధ్య డేటా పంపే ఒకే I2C బస్సు వాడతాయి, ఒకసారికి ఒక్కటే లాక్ పట్టుకుని వాడాలి. అడుగు టాస్కు లాక్ పట్టుకుంటే పై రెండూ ఆగాలి. లాక్ పట్టుకున్నదానికి ఆగినదాని ప్రయారిటీ ఇచ్చే ప్రయారిటీ ఇన్‌హెరిటెన్స్ పెట్టినా లాక్ పట్టుకున్నంతసేపు ఆగక తప్పదు. లాక్ 3 మిల్లీసెకన్లయితే వాల్వుల టాస్కు సరిగ్గా 15కి ముగుస్తుంది. 4 అయితే 16, గడువు దాటుతుంది. లాక్ 6 అయినా కరెంటు టాస్కు తట్టుకుంటుంది, ముందు పడేది రెండోదే. పై టాస్కు ఒక్కటే చూసి బాగుందనుకునేవాళ్లకు ఇది దొరకదు.

ఆ బస్సు మీదే ఉన్న మెమరీ చిప్ EEPROM ఒక పేజీ రాసుకోవడానికి 5 మిల్లీసెకన్ల దాకా తీసుకోవచ్చు. అంతసేపూ లాక్ పట్టుకుంటే పని చెడుతుంది. డేటా పంపగానే లాక్ వదిలేయాలి, చిప్ లోపల తానే రాసుకుంటుంది, బస్సు ఖాళీ. పేజీలోని 32 బైట్లు 400 kHz మీద పంపడానికి 1 మిల్లీసెకను లోపే. ఆ 1 కలిపితే వాల్వుల టాస్కు 9కి ముగుస్తుంది.

లాక్ సమయం స్కోపు మీద చూపించాకే సంతకం పెట్టాడు. అది కూడా "ముందే చెప్పొచ్చు కదా" అంటూ.