రాత్రి డ్యూటీ వాళ్ల గంటలు

గల్ఫ్‌లో కన్‌స్ట్రక్షన్ సైట్‌లో టైమ్‌కీపర్ పని చేసేవాడికి నెలాఖరు అంటే టెన్షన్. జీతం లెక్క అకౌంట్స్ వాళ్లది, కానీ గంటల లెక్క మనది. గంటలు తగ్గాయంటే జనం మన టేబుల్ దగ్గరికే వస్తారు. "అన్నా, నా పదమూడో తారీఖు ఏమైంది?" అని అడిగితే సమాధానం మన దగ్గర ఉండాలి. "వేలిముద్రల మిషన్‌లో లేదు" అంటే అది సమాధానం కాదు.

పగలు డ్యూటీ వాళ్లతో పెద్ద ఇబ్బంది ఉండదు. పొద్దున ఒక పంచ్, సాయంత్రం ఒక పంచ్, రెండూ ఒకే తేదీలో పడతాయి. తంటా అంతా రాత్రి డ్యూటీతోనే. సాయంత్రం 7కి ఎక్కి తెల్లవారి 5కి దిగే ఒక మనిషి పంచ్‌లు మిషన్ నుంచి ఎలా వస్తాయో చూడండి. వరసగా ఐడీ, తేదీ, టైమ్. నంబర్లు ఉదాహరణకు రాసినవే, కానీ ఏ నెల తీసినా ఇలాంటివి కనిపిస్తాయి.

```
00417  12  18:52:10
00417  12  18:52:14
00417  12  18:53:40
00417  13  05:06:31
00417  13  18:49:05
00417  13  18:49:11
00417  14  18:55:20
00417  14  18:55:26
00417  15  05:03:12
```

సిమెంటు పనిలో వేలి గీతలు అరిగిపోతాయి, దుమ్ము పట్టి ఉంటుంది. మిషన్ ఒకసారి తీసుకున్నా మనిషికి నమ్మకం ఉండదు, మళ్లీ నొక్కుతాడు. వెనక లైన్‌లో అరుపులు, ఆ శబ్దంలో మిషన్ గొంతు వినపడదు. అందుకే నాలుగు, ఆరు సెకన్ల తేడాతో రెండేసి పంచ్‌లు. ఇన్, ఔట్ అని మిషన్ రాసే కాలమ్‌ను నేనైతే చూడనే చూడను. వచ్చేటప్పుడు, వెళ్లేటప్పుడు బటన్ మార్చి నొక్కేవాళ్లు ఎంతమంది?

ఇప్పుడు తేదీ ప్రకారం మొదటి పంచ్, చివరి పంచ్ తీసి తేడా చూశామనుకోండి. 12న పని ఒకటిన్నర నిమిషం. 13న తెల్లవారి 05:06 నుంచి సాయంత్రం 18:49 వరకు 13 గంటల 42 నిమిషాలు. అంటే ఆ మనిషి క్యాంప్‌లో పడుకున్న సమయం పని కింద వచ్చింది. పోనీ డబుల్ పంచ్‌లు తీసేసి, వరసగా ఒకటి ఇన్, ఒకటి ఔట్ అని జతలు కడితే? 12 రాత్రి సరిగ్గా వస్తుంది. 13 సాయంత్రం పంచ్ వెళ్లి 14 సాయంత్రం పంచ్‌తో జత కడుతుంది, 24 గంటల 6 నిమిషాలు. అక్కడితో ఆగదు. 15 తెల్లవారి దిగిన పంచ్ 'ఇన్' అయి కూర్చుంటుంది. ఇక ఇంకో పంచ్ ఎక్కడైనా పోయేదాకా అంతా తిరగబడే నడుస్తుంది. రాత్రి డ్యూటీ మనిషికి ఇన్ టైమ్ తెల్లవారి 5 అని కనిపించినా, ఒక డ్యూటీ 16 గంటలు దాటినా జత తప్పిందని అర్థం.

కాబట్టి జతల జోలికి వెళ్లకముందే ప్రతి పంచ్ ఏ డ్యూటీదో తేల్చాలి. రాత్రి వాళ్లకు రోజు మారేది అర్ధరాత్రి కాదు, మధ్యాహ్నం. పంచ్ టైమ్‌లోంచి 12 గంటలు తీసేసి వచ్చిన తేదీనే డ్యూటీ తేదీగా పెడతాను. A లో ఐడీ, B లో తేదీ, టైమ్ కలిసి ఉంటే ఎక్సెల్‌లో ఇంతే:

```
=INT(B2-TIME(12,0,0))
```

13 తెల్లవారి 05:06 ఇప్పుడు 12వ తేదీ డ్యూటీలోకి వెళ్లింది. 12న 18:52 నుంచి 05:06 వరకు 10 గంటల 14 నిమిషాలు, గంట బ్రేక్ తీస్తే 9 గంటల 14 నిమిషాలు. 14 డ్యూటీ కూడా అలాగే కుదురుకుంటుంది. అయితే ఈ ఫార్ములా పగలు వాళ్లకు పెడితే వాళ్ల పొద్దుటి పంచ్ నిన్నటి తేదీలోకి పోతుంది. ఎవరు ఏ వారం ఏ షిఫ్ట్‌లో ఉన్నారో చెప్పే డ్యూటీ చార్ట్ పక్కన లేకుండా ఈ పని మొదలుపెట్టకూడదు.

డబుల్ పంచ్‌ల గురించి చాలామంది తప్పుగా అనుకుంటారు, గంటలు పెరిగిపోతాయని. డ్యూటీలో మొదటిదీ చివరిదీ తీసుకుంటే మధ్యలో ఎన్ని ఉన్నా గంటలు పెరగవు. వాటి అసలు ప్రమాదం వేరే: పోయిన పంచ్‌ను అవి దాచేస్తాయి. 13 డ్యూటీ చూడండి. 18:49:05, 18:49:11. రెండు పంచ్‌లు ఉన్నాయి కాబట్టి ఇన్, ఔట్ రెండూ ఉన్నట్టే లెక్క, మిస్సింగ్ లిస్ట్‌లోకి రాదు. పని మాత్రం ఆరు సెకన్లు. రాత్రంతా చేసిన మనిషికి ఆ రోజు సున్నా, ఎర్ర రంగు కూడా పడదు. డబుల్స్ తీసేస్తేనే ఆ డ్యూటీలో ఒకటే పంచ్ మిగిలి, ఔట్ లేదని బయటపడుతుంది.

ఐడీ, టైమ్ వరసలో పెట్టి, ఉంచిన చివరి పంచ్‌కి 5 నిమిషాల లోపు వచ్చినవాటిని వదిలేస్తాను. C2లో `=B2` అని పెట్టి, C3 నుంచి:

```
=IF(AND(A3=A2,B3-C2<=TIME(0,5,0)),C2,B3)
```

B, C సమానంగా ఉన్న వరసలే అసలు పంచ్‌లు. ఈ పనంతా కాపీ షీట్‌లోనే. మిషన్ నుంచి దిగిన ఫైల్‌లో ఒక్క గడి కూడా ముట్టుకోను. రెండు మిషన్ల ఫైళ్లు కలిపేటప్పుడు ఒకదాంట్లో 00417, ఇంకోదాంట్లో 417 అని ఉంటే ఎక్సెల్‌కి వాళ్లు ఇద్దరు మనుషులు. వచ్చిన పంచ్ ఒకరి దగ్గర, వెళ్లిన పంచ్ ఇంకొకరి దగ్గర తేలుతుంది. అందుకే ఐడీలు ముందే సరిచేస్తాను.

ఇక 14 తెల్లవారి ఔట్. అక్కడ '05:00' అని కొట్టేస్తే సరిపోతుంది కదా అంటారు. కొట్టను. ముందు చూసేది, ఆ తెల్లవారి ఆ మిషన్‌లో మిగతావాళ్ల పంచ్‌లు ఉన్నాయా అని. బ్యాచ్ మొత్తానికీ లేకపోతే తప్పు మిషన్‌ది. నెట్ పోయి సర్వర్‌కి చేరకపోతే పంచ్‌లు మిషన్ మెమరీలోనే ఉండొచ్చు, పెన్ డ్రైవ్‌తో దింపితే దొరుకుతాయి. మిగతావాళ్లవి ఉండి ఇతనిది ఒక్కటే లేకపోతే అప్పుడు వేరే సాక్ష్యం వెతకాలి: ఫోర్‌మన్ రాసిన డైలీ షీట్, గేటు సెక్యూరిటీ రిజిస్టర్, క్యాంప్ బస్సు లిస్ట్. అర్ధరాత్రి ఇంకో సైట్‌కి పంపి ఉంటే ఆ సైట్ మిషన్‌లో ఔట్ పడి ఉంటుంది. దొరికిన టైమ్‌ను వేరే కాలమ్‌లో రాసి, పక్కన ఎక్కడి నుంచి తీసుకున్నానో రాసి, ఫోర్‌మన్ సంతకం పెట్టిస్తాను. ఏ కాగితమూ దొరక్కపోతే ఖాళీగానే ఉంచి, జీతం ఫైల్ మూయకముందే ఆ మనిషిని పిలుస్తాను. సున్నా వేరు, ఖాళీ వేరు. సున్నా అంటే పని చేయలేదని మనమే తీర్పు చెప్పినట్టు.

మొత్తం కూడేటప్పుడు ఇంకో రెండు చోట్ల గంటలు పోతాయి. 26 డ్యూటీలకు తొమ్మిదేసి గంటలంటే 234. గడి ఫార్మాట్ `h:mm` అయితే 18:00 అని చూపిస్తుంది, ఎందుకంటే ప్రతి 24 గంటలకూ మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. `[h]:mm` పెడితే 234:00 వస్తుంది. రెండోది నెల చివరి రాత్రి. 1 నుంచి 31 వరకు అని డేటా దింపితే 31 రాత్రి ఎక్కినవాళ్లందరికీ ఔట్ ఉండదు, 1వ తేదీ తెల్లవారి మాత్రం ఇన్ లేని ఔట్‌లు ఉంటాయి. ముందు ఒక రోజు, వెనక ఒక రోజు కలిపి దింపి, డ్యూటీ తేదీలు వేశాక ఈ నెలవి మాత్రమే ఉంచుతాను. 1 తెల్లవారి దిగిన పంచ్ అప్పుడు పాత నెల డ్యూటీ కిందికి పోతుంది, ఆ గంటలు పోయిన నెల జీతంలో వచ్చాయో లేదో పాత షీట్ తీసి చూసుకోవడమే.