73 శాతం అంటే ఎంత?

నేను మ్యూనిక్‌కి వచ్చిన కొత్తలో ఒక ఇంటర్వ్యూలో నా డిగ్రీ పత్రం చూసి, "వందకు 71 మాత్రమే ఎందుకు వచ్చాయి?" అని అడిగారు. అది డిస్టింక్షన్ అని నాకు తెలుసు, వాళ్లకు తెలియదు. చెప్పేలోపే తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. ఆ బాధ ఇంకా గుర్తుంది. అందుకే 2018లో మా పిన్ని కొడుకు ఇక్కడ మాస్టర్స్‌కి దరఖాస్తు పెడుతూ "అక్కా, ఒకసారి చూడవా" అని దానికి రాసిన ఉత్తరం పంపితే, ఆ పూట వేరే పని పెట్టుకోలేదు.

వాడు కాకినాడ జేఎన్‌టీయూ గురించి ఒక పేజీ రాశాడు. 2008లో పాత విశ్వవిద్యాలయం నాలుగుగా విడిపోవడం కూడా అందులో ఉంది. అదంతా తీసేయించాను. చదివేవాళ్లకు కావలసింది ఒక్క ముక్కే: పాఠం చెప్పింది కాలేజీ, పరీక్ష పెట్టి పట్టా ఇచ్చింది విశ్వవిద్యాలయం. ఇది లేకపోతే దరఖాస్తులో ఒక పేరు, పట్టా మీద ఇంకో పేరు చూసి అనుమానపడతారు.

మార్కుల దగ్గర మాత్రం వాడు ఏమీ రాయలేదు. "73 శాతం" అని వదిలేశాడు. జర్మనీలో 1.0 అన్నిటికన్నా మంచి గ్రేడు, 4.0 వస్తే పాస్. బయటి దేశాల మార్కులను బవేరియన్ ఫార్ములాతో మారుస్తారు. దానికి గరిష్ఠ మార్కుతో పాటు పాస్ మార్కు కూడా కావాలి. మాకు 40 వస్తే పాస్. ఆ లెక్కన:

```
1 + 3 × (100 − 73) / (100 − 40) = 2.35
```

పాస్ మార్కు 50 అనుకుంటే అదే 2.62 అవుతుంది. వాడు కోరుకున్న కోర్సుకు 2.5 లేదా అంతకన్నా మంచి గ్రేడు ఉండాలి. అందుకని "73 శాతం, పాస్ మార్కు 40, డిస్టింక్షన్ 70 నుంచి" అని రాయించాను. మార్చిన గ్రేడు మనమే రాయకూడదన్నాను, ఆ లెక్క వాళ్లే వేసుకుంటారు.

ఇక అవార్డులు. "ఇన్‌స్పైర్ అవార్డు గ్రహీత" అంటే ఇక్కడ ఎవరికీ ఏమీ అర్థం కాదు. వీడు బడిలో ఉన్నప్పుడు, ఎంపికైన పిల్లలకు నమూనా చేయడానికి కేంద్రం 5,000 రూపాయలు ఇచ్చేది, తర్వాత జిల్లా ప్రదర్శన ఉండేది. వీడు జిల్లాలో నెగ్గి రాష్ట్రానికి వెళ్లాడు, ఆ సంగతే రాయలేదు! డబ్బు మాట తీసేసి, ఆ మెట్టు పెట్టించాను.

చివర్లో "మండల ఫస్ట్" మిగిలింది.

"మండలం అంటే వాళ్లకేం తెలుస్తుంది అక్కా, తీసేయనా?"

"వద్దురా. ఎన్ని బడుల్లో ఫస్ట్ వచ్చావు?"

వాడు వాళ్ల హెడ్‌మాస్టరుగారికి ఫోన్ చేసి కనుక్కున్నాడు. "మా మండలంలోని 14 ఉన్నత పాఠశాలల్లో మొదటి స్థానం" అని రాశాడు.