బయో ఒకటే, చదివేవాళ్ళు వేరు: నా అనుభవం

నేను మిర్చి, పత్తి పురుగుల మీద పనిచేసే కీటక శాస్త్రవేత్తను. నా గురించి చెప్పే చిన్న పరిచయం, అదే బయో, ఇంగ్లీషులో ఎప్పుడో రాసి పెట్టుకున్నాను, సదస్సులకు అదే పంపిస్తుంటాను. గుంటూరు వైపు రైతు శిక్షణకు కరపత్రం వేస్తూ నిర్వాహకులు తెలుగులో నాలుగైదు వాక్యాలు అడిగినప్పుడు మొదలైంది తిప్పలు.

ఇంగ్లీషులో హోదా, అనుభవం, పరిశోధనాంశం అన్నీ ఒక్క వాక్యంలో ఇమిడిపోతాయి. దాన్ని ఉన్నదున్నట్టు తెలుగులోకి దింపితే "సమగ్ర సస్యరక్షణలో పదిహేనేళ్ళకు పైగా అనుభవం కలిగి, అనేక పరిశోధన పత్రాలు ప్రచురించిన..." అంటూ సాగి, అసలు మనిషి పేరు వచ్చేసరికి చదివేవాళ్ళు పేజీ తిప్పేస్తారు. పైగా పత్రాల లెక్క రైతుకెందుకు? ఈయన మా పంట చూశాడా లేదా అన్నదే ఆయనకు కావాలి.

అందుకని విడగొట్టి ఇలా రాశాను: "బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివారు. 2008 నుంచి మిర్చి, పత్తి పురుగుల మీద పనిచేస్తున్నారు. 2021-22లో నల్ల తామర పురుగు మిర్చి తోటల్ని దెబ్బతీసినప్పుడు పల్నాడులో చేను చేనుకీ తిరిగి పూతలో పురుగు ఎంతుందో లెక్కగట్టారు." "పదిహేనేళ్ళ అనుభవం" కన్నా "2008 నుంచి" అంటే ఏటా మార్చే పని ఉండదు. ప్రతి వాక్యంలో "ఆయన" పెట్టలేదు, క్రియలో గౌరవం ఎలాగూ ఉంది కదా. పేరు పక్కన "గారు" మాత్రం నేను పెట్టుకోలేదు, అది పిలిచేవాళ్ళ పని. (వాళ్ళు "ప్రముఖ" కూడా తగిలించారనుకోండి, ఏం చేస్తాం.)

తర్వాత ఓ విదేశీ సదస్సుకి పాత ఇంగ్లీషు బయో చప్పగా అనిపించి, ఈసారి కరపత్రం నుంచే ఇంగ్లీషులోకి వెళ్ళాను. అందులో నిర్వాహకులు చేర్చిన "రైతులకు తలలో నాలుక" లాంటివి ముందే కొట్టేశాను. పొగడ్త తీసేసిన చోట ఖాళీ మిగలకూడదు, దానికి ఆధారమైన పని పెట్టాలి. రైతుల పొలాల్లో వేయించిన నలభై ఎకరాల ప్రదర్శన క్షేత్రాల సంగతి అక్కడ పెట్టి, సుమారు పదహారు హెక్టార్లని రాశాను, ఎందుకంటే అక్కడివాళ్ళు హెక్టార్లలోనే ఆలోచిస్తారు. పల్నాడు అంటే ఎక్కడో తెలియదు కాబట్టి ఆంధ్రప్రదేశ్‌లో మిర్చి పండే ప్రాంతమని ఒక ముక్క కలిపాను. చదువు చివరికి, ప్రస్తుత ఉద్యోగం మొదటికి వెళ్ళాయి. తామర పురుగుకి శాస్త్రీయ నామం చేర్చాను, కరపత్రంలో దాని అవసరమే లేదు.

ఆఖరున పేరు దగ్గర ఆగాను. తెలుగులో ఇంటిపేరు ముందు రాస్తాం, నా పరిశోధన పత్రాల్లో ఇంటిపేరు చివర ఉంటుంది. ఇంగ్లీషు బయోలో పత్రాల్లో ఉన్న వరసే, అదే స్పెల్లింగుతో ఉంచాను. లేకపోతే వెతికినవాళ్ళకి నా పత్రాలు దొరకవు.