లాగ్, లీడ్ కంపెన్సేటర్లు: ఒకే ప్లాంట్ మీద రెండూ వేసి చూస్తే

గేట్‌లో ఈఈ, ఈసీ, ఇన్‌స్ట్రుమెంటేషన్ పేపర్లలో ఏది రాసేవాళ్లకైనా కంపెన్సేటర్ల చాప్టర్ తప్పదు. మనలో చాలామంది నోట్సులో ఇదొక పట్టికలా ఉంటుంది. లీడ్ పెడితే ఫేజ్ మార్జిన్ పెరుగుతుంది, లాగ్ పెడితే స్టెడీ స్టేట్ ఎర్రర్ తగ్గుతుంది, అంతే. పట్టికలో రాసుకున్నది తప్పేమీ కాదు. కానీ "లాగ్ పెట్టాక ఫేజ్ మార్జిన్ ఎంత?" అనో, "ఈ లీడ్ పెట్టాక ర్యాంప్ ఎర్రర్ ఎంత?" అనో అడిగితే ఆ పట్టికతో జవాబు రాదు. నాకు ఈ చాప్టర్ వంటబట్టింది ఒకే ప్లాంట్ తీసుకుని, దాని మీద రెండింటినీ పూర్తిగా లెక్క కట్టుకున్నాకే. ఆ లెక్కనే ఇక్కడ పెడుతున్నాను. కాగితం, కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకుని నాతో పాటు చేయండి.

ప్లాంట్ ఇది:

```
G(s) = 10 / ( s (s + 1) )
```

టైప్ 1 కాబట్టి యూనిట్ స్టెప్‌కి ఎర్రర్ సున్నా. యూనిట్ ర్యాంప్‌కి Kv = 10, ఎర్రర్ 1/10, అంటే 0.1. ఈ 0.1 మనకు సరిపోతుందనుకుందాం. ఇక ఫేజ్ మార్జిన్ చూద్దాం. గెయిన్ 1 అయ్యే ఫ్రీక్వెన్సీకి ω²(ω²+1) = 100 సాల్వ్ చేస్తే ω ≈ 3.08 వస్తుంది. అక్కడ ఫేజ్ −90 − 72 = −162 డిగ్రీలు. మార్జిన్ 18 డిగ్రీలే. స్టెప్ ఇస్తే చాలాసేపు ఊగుతూనే ఉంటుంది. ఎర్రర్ 0.1 దగ్గరే ఉండాలి, మార్జిన్ మాత్రం కనీసం 45 కావాలి. అదీ ప్రశ్న.

ఏ కంపెన్సేటర్ చేతికి వచ్చినా నేను ముందు చూసేవి రెండే. మొదటిది, s = 0 పెడితే దాని విలువ ఎంత? ఎర్రర్ సంగతి అక్కడే తేలిపోతుంది. రెండోది, అది పెట్టాక గెయిన్ క్రాస్‌ఓవర్ ఎక్కడికి జరిగింది, ఆ కొత్త చోట మొత్తం ఫేజ్ ఎంత? మార్జిన్ సంగతి అక్కడ తేలుతుంది. కంపెన్సేటర్ పేరు లీడా, లాగా అన్నది ఆ తర్వాతే.

ముందు లీడ్. 18 నుంచి 45కి వెళ్లాలంటే 27 డిగ్రీలు కావాలి. దానికి 5 నుంచి 10 డిగ్రీలు కలుపుకోమని ప్రతి క్లాసులోనూ చెప్తారు. ఎందుకు కలపాలో ఈ లెక్కలోనే కనిపిస్తుంది. సుమారు 37 డిగ్రీలు తీసుకుందాం. పోల్‌కీ జీరోకీ నిష్పత్తి 4 పెడితే గరిష్ఠ ఫేజ్ sin⁻¹(3/5) = 36.9 డిగ్రీలు, సరిగ్గా సరిపోయింది. డీసీ గెయిన్ 1గా ఉంచితే, ఆ గరిష్ఠ ఫేజ్ వచ్చే చోట ఈ లీడ్ గెయిన్ √4 = 2, అంటే 6 డెసిబెల్స్. కాబట్టి ప్లాంట్ గెయిన్ సగానికి పడిన చోట కొత్త క్రాస్‌ఓవర్ ఉంటుంది. ω²(ω²+1) = 400 నుంచి ω ≈ 4.42. జీరోని దాన్ని 2తో భాగించిన చోట, పోల్‌ని 2తో గుణించిన చోట పెట్టాలి:

```
Gc(s) = (1 + s/2.2) / (1 + s/8.8)
```

4.42 దగ్గర ప్లాంట్ సొంత మార్జిన్ 18 కాదు, 12.8 డిగ్రీలే. క్రాస్‌ఓవర్ కుడికి జరగడంతో 5 డిగ్రీలు పోయాయి. ముందే కలుపుకున్న అదనం దీనికోసమే. 12.8కి 36.9 కలిపితే 49.7 డిగ్రీలు. డీసీ గెయిన్ 1 కాబట్టి Kv 10 దగ్గరే ఉంది, ఎర్రర్ 0.1 దగ్గరే ఉంది. అంటే ఈ లీడ్ ఎర్రర్‌ని అసలు ముట్టుకోలేదు.

ఇప్పుడు అదే లీడ్‌ని (s+2.2)/(s+8.8) అని ఇచ్చారనుకోండి. పోల్, జీరో అవే. కానీ s = 0 దగ్గర విలువ 0.25. Kv 2.5కి పడిపోతుంది, ర్యాంప్ ఎర్రర్ 0.4 అవుతుంది. క్రాస్‌ఓవర్ 1.6 దగ్గరికి వచ్చేస్తుంది, మార్జిన్ దాదాపు 58 డిగ్రీలు. మార్జిన్ ఇంకా బాగుందని సంతోషపడేలోపు ఎర్రర్ నాలుగింతలైంది. రెసిస్టర్లు, కెపాసిటర్‌తో కట్టే పాసివ్ లీడ్ సర్క్యూట్ సరిగ్గా ఇలాగే ప్రవర్తిస్తుంది. కెపాసిటర్‌కి సమాంతరంగా R1, అవుట్‌పుట్ R2 మీద. డీసీకి కెపాసిటర్ ఓపెన్ కాబట్టి మిగిలేది R2/(R1+R2) డివైడర్ మాత్రమే. R1 = 3R2 అయితే అది పావు. పక్కన 4 గెయిన్ ఉన్న యాంప్లిఫయర్ పెడితేనే పోయిన Kv తిరిగొస్తుంది. ప్రశ్నలో సర్క్యూట్ బొమ్మ ఇచ్చి ఎర్రర్ అడిగితే, యాంప్లిఫయర్ ఉందో లేదో చూడకుండా ఆప్షన్ నొక్కొద్దు.

ఇక లాగ్. రీడింగ్ రూంలో నా పక్కన కూర్చునే జూనియర్ ఒకతను ఒకరోజు, "అన్నా, లాగ్ పెడితే ఫేజ్ ఇంకా తగ్గుద్ది కదా, మరి ఫేజ్ మార్జిన్ ఎట్లా పెరుగుద్ది?" అని అడిగాడు. ఈ చాప్టర్‌లో అడగాల్సిన అసలు ప్రశ్న అదే అని నా అభిప్రాయం. లాగ్ ఇచ్చే ఫేజ్‌తో మనకు పనే లేదు, అది నష్టమే. మనకు కావాల్సింది అది తగ్గించే గెయిన్. గెయిన్ తగ్గితే క్రాస్‌ఓవర్ ఎడమకి జరుగుతుంది, అక్కడ ప్లాంట్‌కే మంచి ఫేజ్ ఉంటుంది.

మన ప్లాంట్‌కి 0.8 దగ్గర ఫేజ్ సుమారు −129, అంటే మార్జిన్ 51 ఉన్నట్టే. కానీ అక్కడ గెయిన్ దాదాపు 10 ఉంది. దాన్ని 1కి దించాలి. కాబట్టి పది రెట్లు తగ్గించే లాగ్ కావాలి. జీరోని కొత్త క్రాస్‌ఓవర్‌కి ఒక డెకేడ్ కింద, అంటే 0.08 దగ్గర, పోల్‌ని 0.008 దగ్గర పెడదాం:

```
Gc(s) = (1 + s/0.08) / (1 + s/0.008)
```

క్రాస్‌ఓవర్ 0.79 దగ్గర పడుతుంది. అక్కడ ప్లాంట్ మార్జిన్ 51.7, లాగ్ తీసుకునేది 5.2, మిగిలింది 46.5 డిగ్రీలు. డీసీ గెయిన్ 1 కాబట్టి ఎర్రర్ అదే 0.1. ఈ లాగ్ ఫేజ్ మరీ లోతుకి పడేది రెండింటి మధ్య, 0.025 దగ్గర. అక్కడ ఏకంగా −55 డిగ్రీలు. అది క్రాస్‌ఓవర్‌కి బాగా దూరంగా ఉంది కాబట్టే మనకు 5 డిగ్రీలతో పోయింది. జీరోని తెచ్చి 0.4 దగ్గర, పోల్‌ని 0.04 దగ్గర పెట్టి చూడండి. Kv మారదు, కానీ క్రాస్‌ఓవర్ దగ్గర లాగ్ 22 డిగ్రీలకు పైగా లాగేస్తుంది, మార్జిన్ 27కి పడిపోతుంది. "ఒక డెకేడ్ కింద" అన్న నియమం వెనక ఉన్న కారణం ఇదే.

ఇప్పుడు పై లూప్‌ని ఇలా తిరగరాయండి. 10 అనే గెయిన్‌ని లాగ్‌లోకి కలిపేస్తే అది (s+0.08)/(s+0.008) అవుతుంది, ప్లాంట్ 1/(s(s+1)) అవుతుంది. లూప్ మారలేదు, అక్షరం పోలేదు. కానీ ఈ ప్లాంట్‌కి మొదట Kv = 1, ర్యాంప్ ఎర్రర్ 1, మార్జిన్ 51.8. లాగ్ పెట్టాక Kv = 10, ఎర్రర్ 0.1, మార్జిన్ 46.5. ఒక లెక్కలో లాగ్ మార్జిన్‌ని 18 నుంచి 46.5కి పెంచింది, ఎర్రర్‌ని ముట్టుకోలేదు. ఇంకో లెక్కలో ఎర్రర్‌ని పదో వంతుకి తగ్గించింది, మార్జిన్‌ని 5 డిగ్రీలు తినేసింది. బోడే ప్లాట్ పద్ధతిలో మొదటిది, రూట్ లోకస్ పద్ధతిలో రెండోది కనిపిస్తుంది. ఒక పుస్తకంలో ఒకలా, ఇంకో పుస్తకంలో ఇంకోలా చదివి అయోమయపడేవాళ్లకి చిక్కు ఇక్కడే. దేనితో పోలుస్తున్నారో చూసుకుంటే రెండు పుస్తకాలూ చెప్పేది ఒకటే.

మరి రెండూ 45 దాటించాయి, ఎర్రర్ రెండింటిలోనూ 0.1. ఏది వాడాలి? లీడ్‌తో క్రాస్‌ఓవర్ 4.42, లాగ్‌తో 0.79. అంటే లీడ్ వేసిన సిస్టమ్ దాదాపు అయిదున్నర రెట్లు చురుకు. బదులుగా హై ఫ్రీక్వెన్సీలో లీడ్ గెయిన్ 4, అంటే సెన్సర్ నాయిస్ 12 డెసిబెల్స్ పెరిగి యాక్చుయేటర్‌కి చేరుతుంది. లాగ్‌కి ఆ బాధ లేదు. దానికి వేరే బాధ ఉంది, దాని గురించి నోట్సుల్లో ఒక్క లైనే ఉంటుంది కాబట్టి కొంచెం ఆగి చూద్దాం.

లాగ్ వేసిన లూప్ క్యారెక్టరిస్టిక్ ఈక్వేషన్ s³ + 1.008s² + 1.008s + 0.08 = 0. దీనికో రూట్ −0.086 దగ్గర ఉంది, జీరో −0.08కి ఆనుకుని. మిగతా రెండూ కాంప్లెక్స్ పోల్స్, వాటి డ్యాంపింగ్ రేషియో 0.48, అవి 9 సెకన్లలో సర్దుకుంటాయి. కానీ −0.086 దగ్గరి పోల్ టైం కాన్‌స్టంట్ 11.6 సెకన్లు. ర్యాంప్ ఇస్తే మొదటి ఊపు తగ్గాక ఎర్రర్ సుమారు ఇలా నడుస్తుంది:

```
e(t) ≈ 0.1 + 0.97 e^(−t/11.6)
```

30 సెకన్లు గడిచాక కూడా ఎర్రర్ 0.17 దగ్గరే ఉంటుంది. పేపర్ మీద 0.1 అన్నది నిజమే, కానీ అది చేరుకోవడానికి నిమిషం దాకా పడుతుంది. ఫేజ్ ఇంకా మిగుల్చుకుందామని జీరోని 0.008కి, పోల్‌ని 0.0008కి దించితే ఈ తోక ఇంకో పది రెట్లు సాగుతుంది. కాబట్టి జీరోని మరీ దగ్గరా పెట్టలేం, మరీ దూరమూ పెట్టలేం.

లాగ్ అసలే పనిచేయని ప్లాంట్లు కూడా ఉన్నాయి. 1/s² తీసుకోండి. ఫేజ్ అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా −180. క్రాస్‌ఓవర్‌ని ఎంత ఎడమకి జరిపినా అక్కడ మనకు దొరికే మంచి ఫేజ్ ఏమీ లేదు, పైగా లాగ్ సొంత ఫేజ్ కలిసి మార్జిన్ నెగెటివ్‌కి పోతుంది, సిస్టమ్ అన్‌స్టేబుల్ అవుతుంది. అక్కడ లీడ్ ఒక్కటే దారి, మార్జిన్ మొత్తం లీడ్ ఇచ్చే ఫేజ్ నుంచే రావాలి. 45 డిగ్రీలు కావాలంటే sin 45 నుంచి నిష్పత్తి 1.707/0.293, అంటే సుమారు 5.8. ఇక్కడ 5, 10 డిగ్రీల అదనం కూడా అక్కర్లేదు, ఎందుకంటే క్రాస్‌ఓవర్ కుడికి జరిగినా ప్లాంట్ ఫేజ్ −180 దగ్గర నుంచి కదలదు.